పిల్లర్ పక్కన ఒక్క ప్లగ్గు

"ఈ ఎయిర్‌పోర్టు ఏమన్నా మీ తాత కట్టించిండా?"

ఆరాధనకు కోపమొస్తే నోట్లోంచి తెలుగే వస్తుంది. ఎదుటివాడికి అర్థమవుతుందా లేదా అన్నది ఆమెకు పట్టదు. అది ఢిల్లీ, రెండువేల ఏడు డిసెంబరు, రాత్రి పదకొండున్నర. ఎదురుగా పిల్లర్ పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి మాత్రం తల ఎత్తి నవ్వాడు.

"మా తాత ఇల్లందు బాయిల బొగ్గు తవ్విండు మేడం. ఎయిర్‌పోర్టు కట్టేంత సంపాయించలే."

ఆరాధనదీ ఖమ్మం జిల్లాయే. సొంత జిల్లావాడు దొరికినందుకు ఇంకెవరైనా సంతోషించేవారు. ఆమెకు కోపం రెట్టింపైంది. మనవాడై ఉండి ప్లగ్గు ఇవ్వడా?

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. హైదరాబాదు విమానాన్ని పొగమంచు పేరుతో మూడుసార్లు వెనక్కి జరిపారు. చివరికి మంచు కాస్త విచ్చే వేళకు పైలట్ల డ్యూటీ గంటలు నిండిపోయాయట, క్యాన్సిల్ అన్నారు. బోర్డింగ్ పాసుల మీద రద్దు ముద్ర కొట్టి, సెక్యూరిటీ గేటు బయటికి గొర్రెల మందలా తోలారు. హోటలు అడిగితే, మంచు మా తప్పు కాదన్నారు. పొద్దున ఏడింటి విమానంలో తొమ్మిది సీట్లే ఉన్నాయి. కౌంటర్ అమ్మాయి పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకుని, "సీటు ఉంటే ఫోన్ చేస్తాం. పది నిమిషాల్లో రాకపోతే తర్వాతివాళ్లకు ఇచ్చేస్తాం" అంది.

ఆరాధన ఫోన్‌లో ఒక్క గీత చార్జింగే మిగిలింది. కాసేపటికి అదీ పోయింది.

హాలు మొత్తానికి పనిచేసే ప్లగ్గు ఒక్కటే. నేల తుడిచే మెషిన్ కోసం పెట్టింది. దాని పక్కన ఈ మహానుభావుడు బోర్డింగ్ పాస్ ముక్కల మీద నంబర్లు వేసి అందరికీ పంచిపెట్టాడు. మనిషికి ఇరవై నిమిషాలు. ఆమెకు దక్కింది ఏడో నంబరు.

"రేపు మధ్యాహ్నం మూడింటికి ఖమ్మంలో నా టీచరు పోస్టు కౌన్సెలింగ్ ఉన్నది. పిలిచినప్పుడు నేను లేకపోతే నా బడి ఇంకొకరు ఎంచుకుంటరు. తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది. ఆ ఒకటో నంబరాయన తమ్ముడు దవాఖానాలో ఉన్నడు. నాలుగో నంబరామె పిల్లను ఎవరింట్లనో వదిలి వచ్చింది. ఎవరిది తీసెయ్యమంటరు?"

ఆరాధన చేతిలోని ఏడో నంబరు ముక్కను నలిపింది. ఎదుటివాడి మాటే న్యాయంగా ఉంటే ఆమెకు మహా మంట.

"ఎవరు పెట్టిండ్రు మిమ్మల్ని లీడరుగా?"

"ఎవరు పెట్టలే. నేను బాయిల దీపాల గది చూస్తా. టోపీ లైట్లు చార్జింగ్ పెట్టుడే నా పని. ఎవరి దీపం వాళ్లదే, ఎవరి నంబరు వాళ్లదే. జీఎం వచ్చినా అంతే. నా పేరు రవీందర్."

"పేరు అడగలే!" అంటూ ఆమె అక్కడే కూలబడింది.

అలా కూలబడిన మనిషి ఊరికే ఉండదు కదా. అక్క సంపూర్ణ ఢిల్లీలో నర్సు అనీ, ఆమె కాన్పుకు వచ్చాననీ, కౌన్సెలింగ్ తేదీ హఠాత్తుగా పడితే బావ విమానం టికెట్ కొన్నాడనీ తిడుతూ తిడుతూనే చెప్పింది. బూర్గంపాడు అవతల అడవి ఊరి బడిలో మూడేళ్లు విద్యా వాలంటీరుగా పనిచేసిందట.

"ఆ పిల్లల ఇంటి భాష నేర్చుకునేందుకు నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఎవరో వచ్చి, రోడ్డున్నదని ఆ బడి పట్టుకపోతే? ఆర్నెల్లకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని పోతరు. మళ్ల ఆ పిల్లలు మొదటికే!"

రవీందర్ నవ్వు ఆపి విన్నాడు. అలా వినేవాణ్ని తిట్టడం కష్టం. అయినా ఆమె ప్రయత్నించింది.

"మీది ఎన్నో నంబరు?"

"పన్నెండు. దీపాల గదోని దీపం ఆఖర్నే."

ఒంటిగంటన్నరకు ఆమె వంతు వచ్చింది. ఫోన్ ప్లగ్గుకు తగిలించి ఊపిరి తీసుకుందో లేదో, రద్దైన విమానం సామాను దించారనీ, అరైవల్స్ బెల్టు దగ్గర తీసుకోవాలనీ మైకులో చెప్పారు. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆ బ్యాగులోనే ఉన్నాయి.

"ఫోన్ చూస్తుండండి!" అని పరుగెత్తింది.

బెల్టు తిరుగుతూనే ఉంది, బ్యాగు మాత్రం చివర్లో వచ్చింది. తిరిగొచ్చేసరికి పిల్లర్ దగ్గర రవీందర్ లేడు. తన ఫోన్ నేలమీద ఉంది. ప్లగ్గులో ఎవరిదో ల్యాప్‌టాప్ వైరు. స్క్రీన్ మీద మూడు మిస్డ్ కాల్స్, మూడూ కౌంటర్ నంబరు నుంచే. చివరిది పద్దెనిమిది నిమిషాల కిందటిది.

అప్పుడే రవీందర్ రొప్పుతూ వచ్చాడు. ఆ చలిలో ఒళ్లంతా చెమట.

"ఎక్కడ పోయిండ్రు మేడం? బెల్టు కాడికి నన్ను పోనియ్యలే, రెండు గేట్లు తిరిగిన..."

"ఫోన్ మోగితే ఎత్తాలని తెల్వదా నీకు? ఒక్క మాట, 'వస్తున్నది' అని చెప్తే నీ నోరు అరిగిపోతదా?"

అతను బిత్తరపోయాడు. "ఒకరి దీపం ఇంకొకరు ముట్టరాదు. మా దగ్గర దీపమున్న కాడ మనిషి లేకపోతే ముందు మనిషిని వెతుకుతం. పేరు పెట్టి పిలుద్దామంటే... మీరు పేరు చెప్పలే."

"ఇది బాయి కాదయ్యా! ఇది ఫోన్!"

"అవ్. తప్పు నాదే. మా బాయి తెలివి ఇక్కడ పనికిరాలే."

ఒప్పుకున్నవాణ్ని ఏం చేస్తాం? ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కోప్పడటం ఇంకా అవమానం.

కౌంటర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. జాబితాలో ఆమె పేరు కొట్టేసి ఉంది. దాని కింద మరో పేరు కొట్టేసి ఉంది: రవీందర్. అతని ఫోన్ స్విచాఫ్ వచ్చిందట. పన్నెండో నంబరు కదా మరి!

"నీ సీటు కూడా పోయిందా?" ఆమె అడిగింది.

"పోతే పోయింది. రేపటి షిఫ్టు పోతది, అంతే."

ఆరాధన ఇక కదల్లేదు. తనకొచ్చిన హిందీ అయిపోయేదాకా పోట్లాడి, తర్వాత తెలుగులో అందుకుంది. పిలిచాక పది నిమిషాలని చెప్పారు సరే, బ్యాగు తెచ్చుకోమన్నదీ మీరేగా, ఒక మనిషి రెండుచోట్ల ఎలా ఉంటుందని కౌంటర్ మీద కొట్టి అడిగింది. రవీందర్ ఆమె మాటల్ని ఒక్కొక్కటే హిందీలోకి మార్చాడు, తిట్లు వదిలేసి. నాలుగున్నర దాకా ఆమె అక్కడే నిలబడింది.

అప్పుడొచ్చాడు ఒకాయన. రైలు టికెట్ దొరికింది, డబ్బు వాపసు ఇవ్వమన్నాడు. కౌంటర్ అమ్మాయి కొట్టేసిన రెండు పేర్లవంకా చూసింది.

"ఒక్క సీటే ఉంది. మీ ఇద్దరిలో ఎవరు?"

"జాబితాలో ముందు ఆమె పేరే" అన్నాడు రవీందర్, క్షణమైనా ఆలోచించకుండా.

ఆమెకు మళ్లీ కోపమొచ్చింది. ఈసారి ఎందుకో ఆమెకే తెలియలేదు. "నీ ఫోన్ నంబరు దీని ఎనక రాసియ్యి" అని కొత్త బోర్డింగ్ పాస్ అతని చేతిలో పెట్టింది. "నా పేరు ఆరాధన. మళ్ల పిలవాల్సి వస్తే తెలిసుండాలె కదా."

మూడింటికి నాలుగు నిమిషాల ముందు ఆమె ఖమ్మంలో హాలు మెట్లెక్కింది. నాలుగింటికి తన బడి తనకే రాసిచ్చారు. కాగితం చేతికి రాగానే ఫోన్ చేసింది. స్విచాఫ్. అయిదింటికీ, ఆరింటికీ అంతే. సొంతూరు పెనుబల్లి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతణ్ని తిడుతూనే ఉంది. తిట్ల మధ్యలో భయం మొదలైంది. ఏడున్నరకు రింగైంది.

"ఎక్కడ చచ్చినవ్?"

"ఇంకా ఢిల్లీలనే. ఈ రాత్రి విమానమన్నరు. నా వంతు కౌంటర్ కాడనే పాయె. కొత్తోళ్లు వస్తనే ఉన్నరు, ఇప్పుడే ప్లగ్గు దొరికింది. బడి..."

"వచ్చింది. నాలుగింటి నుంచి చేస్తనే ఉన్న. ఆ ప్లగ్గు అందరికీ పంచినవ్, నీకు ఇరవై నిమిషాలు లేవా? మనిషి ఏమైండోనని ఇక్కడ ఒకరు సావాలా?"

బస్సులో నలుగురు తిరిగి చూశారు. చూడనీ.

"నా కోసం ఎవరన్న గిట్ల కోప్పడుతరనుకోలే" అన్నాడు మెల్లగా. "మీ బడికి ఇల్లందు నుంచి బండి మీద రెండు గంటలు. ఆదివారం రావొచ్చునా?"

"ఆదివారం బడి ఉండదు. పెనుబల్లికి రా. మా నాయన అంతోనయ్య పదింటికి చర్చి నుంచి వస్తడు." ఆమె గొంతు తగ్గించింది. "నీ గురించి పొద్దున్నే చెప్పిన."

"ఏమని చెప్పినవ్?"

"నా సీటు పోగొట్టిండు, తన సీటు నాకిచ్చిండు, నాకు ఆ మనిషే కావాలె అని. ఇంక ఫోన్ పెట్టకు. ఇరవై నిమిషాలూ నావే."