విడుదలకు అభ్యంతరం లేదు

ఏజెంట్ తాబేలు ఆఖరి ఆపరేషన్ పేరు నో-డ్యూస్. లక్ష్యం, ఏడు సంతకాలు. గడువు, శుక్రవారం సాయంత్రం. శత్రువు, సొంత చీఫ్.

మధ్యాహ్నం మూడింటికి ఐదు సంతకాలు పడ్డాయి. ఆరోది స్టోర్స్‌ది, ఏడోది చీఫ్‌ది. స్టోర్‌కీపర్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి రిజిస్టరు తిప్పాడు.

"రేడియో వాచీ ఒకటి. ఆరేళ్ల కిందట తీసుకున్నారు. ఏదీ?"

"శత్రువుల పడవలో నా చేతి నుంచి ఊడబీకారు. అప్పుడే రిపోర్టు ఇచ్చాను."

"రిపోర్టు సరే సార్. 'పోయింది' అని చీఫ్ గారు ఒక్క ముక్క రాస్తే కొట్టేస్తా. ఆయన రాయనంటున్నారు."

రాయరు. తాబేలుకు ఆ సంగతి ఎనభై తొమ్మిది రోజులుగా తెలుసు. రాజీనామా ఇచ్చిన రోజే చీఫ్ దాన్ని చదవకుండా సొరుగులో పడేసి, "నిన్ను వదిలేది లేదు పో" అన్నాడు. కాగితం మీద మాత్రం 'తిరస్కరించాను' అని రాయలేదు. రాస్తే పైవాళ్లకు అప్పీలు చేసుకుంటాడు కదా! అన్నీ నోటిమాటలే. మర్నాడే తాబేలును ఫీల్డు నుంచి పీకి, నేలమాళిగలో ఏసీ నీళ్లు కారే చోట కుర్చీ వేయించాడు. కంట్రోల్ రూమ్ ఫోన్‌లో అతని నంబరు తీయించాడు, అక్కడ అతని ఫోన్ ఎత్తరిక. కూతురి చెవి ఆపరేషన్‌కు నాలుగు రోజులు సెలవడిగితే, ఆ నాలుగూ తొంభై రోజుల నోటీసు గడువుకు అదనంగా కలుస్తాయన్నాడు. తండ్రి లేకుండానే ఆ పిల్ల థియేటర్‌లోకి వెళ్లింది.

హ్యాండోవర్ ఫైలు మరో ప్రహసనం. పదకొండేళ్ల పని రాసిస్తే మార్జిన్ చాల్లేదని ఓసారి, పేజీ నంబర్లు కింద ఉన్నాయని ఓసారి వెనక్కొచ్చింది. నాలుగోసారి రాసింది చీఫ్ టేబుల్ మీదే పడి ఉంది. బాధ్యతలు తీసుకునే మనిషిని వేయలేదు కాబట్టి సంతకం పెట్టనంటాడు. మనిషిని వేయమంటే, నువ్వు వెళ్లడం ఖాయం కాలేదుగా అంటాడు. ఇవాళ ఐదున్నరలోగా ఆ సంతకం పడకపోతే 'కార్య అత్యవసరం' పేరుతో ఇంకో తొంభై రోజులు పొడిగించే అధికారం ఆయనకుంది.

సోమవారం పదింటికి తాబేలు చెవిటి పిల్లల బడిలో చేరాలి. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్పే ఉద్యోగం. కూతురి కోసం నేర్చుకున్న విద్య అది. హెడ్‌మిస్ట్రెస్ ఇప్పటికే రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగనని చెప్పేసింది.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, కాగితం చేతికొచ్చిందా?"

"వస్తుంది."

"ఎనభై రోజులుగా ఇదే మాట. పిల్ల బడి బ్యాగు సర్దుకుని కూర్చుంది, నాన్నతో కలిసి వెళ్తానని. దానికేం చెప్పమంటారు?"



నాలుగింటికి ఎదుటి కాఫీ హోటల్లో నెమలి ఎదురైంది. శత్రు ముఠాలో మన తరఫున పనిచేసే మనిషిగా చీఫ్ ఆమెను నెత్తిన పెట్టుకుంటాడు. పట్టు చీర, నల్ల కళ్లద్దాలు. ఆమె నడిచొస్తే హోటల్లో స్పూన్లు ఆగిపోతాయి.

"వెళ్లిపోయే వాళ్లకు నచ్చజెప్పమని చీఫ్ నన్నే పంపుతుంటారు. నీకు ముందు ముగ్గురితో మాట్లాడాను," అంది కూర్చుంటూ. "నీకు మాత్రం సాయమే చేయాలనిపించింది."

బల్ల మీద ఓ వాచీ పెట్టింది. గాజు మీద అడ్డంగా గీత. తాబేలుదే.

"పాత సామాన్ల అంగట్లో దొరికింది. ఇది ఇస్తే స్టోర్స్ సంతకం అయిపోతుంది. చీఫ్‌కు నేను చెబుతా. దుబాసీకి మందులు తీసుకెళ్తున్నా, సేఫ్ హౌస్ లోపలికెళ్లే మాటొక్కటి చెప్పు. చీఫ్ చెప్పడం మర్చిపోయారు."

దుబాసీ అంటే ఆ ముఠా దగ్గర పదేళ్లు అనువాదం చేసి పారిపోయి వచ్చిన ముసలాయన. రేపు ఉదయం కోర్టులో వాళ్ల మీద సాక్ష్యం చెప్పాలి. హ్యాండోవర్ కాలేదు గనుక ఆయన్ను దాచిన ఇంటి బాధ్యత ఇంకా తాబేలు పేరు మీదే ఉంది. ఇక వాచీ సంగతా! పడవలో పోయిన వస్తువు పడవ వాళ్ల దగ్గరే ఉంటుంది, అంగట్లోకి రాదు.

అంతా తెలిసి కూడా అతని మనసు ఒక్క క్షణం ఊగింది. నిజం మాట చెప్పేస్తే రెండు సంతకాలు, సోమవారం పిల్ల చేయి పట్టుకుని బడికి. ఆ ఆలోచన తనదేనా అని అతనికే భయమేసింది.

"ఎర్ర గొడుగు," అన్నాడు.

నిజం మాట 'తెల్ల గొడుగు'. 'ఎర్ర గొడుగు' ప్రమాదపు మాట. అది వినగానే గార్డు బయటి గేటు తెరిచి, లోపలి గేటు బిగించి, వచ్చినవాళ్లను మధ్యలో బంధించాలి.

నెమలి బయటికెళ్లి అద్దం అవతల ఫోన్ చేసింది. మాట వినిపించలేదు గానీ పెదవులు కనిపించాయి. "ఐదున్నరకి. వ్యాన్‌లో. ముసలాణ్ని ప్రాణంతో వదలొద్దు."

తాబేలు కాఫీ సగం తాగాడు. అప్పుడు గుర్తొచ్చింది. గార్డులు కిందటి నెలే మారారు, కొత్తవాళ్లకు ప్రమాదపు మాట తెలియదు. అది రాసిన పేజీ హ్యాండోవర్ ఫైలులో ఉంది. ఆ ఫైలు చీఫ్ టేబుల్ మీద, సంతకం లేకుండా, కాఫీ కప్పు కింద ఉంది.

లోపలికెళ్లే మాట కాకపోతే కొత్త గార్డు ఏదో పొరపాటనుకుని తలుపు సందులోంచి అడుగుతాడు. వాళ్లకు ఆ సందు చాలు.

చీఫ్ గది బయట పీఏ నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. నోటీసులో ఉన్నవాళ్లకు అపాయింట్‌మెంట్ లేదట. ఐదూ పదహారుకు తాబేలు తలుపు తోసుకుని వెళ్లాడు.

విషయం విన్న చీఫ్ ముందు నవ్వాడు. "నెమలి మన మనిషయ్యా. వెళ్లిపోయేముందు బురద జల్లుతున్నావా?"

తాబేలు వాచీ టేబుల్ మీద పెట్టాడు. చీఫ్ గాజు మీది గీత చూశాడు. పడవ రిపోర్టులో ఆ గీత సంగతి ఉంది. నవ్వు ఆగిపోయింది.

"మీరు వదలకుండా ఏడిపించిన ముగ్గురి పేర్లూ ఆవిడకు మీరే ఇచ్చారు సార్. విసిగిపోయిన మనిషిని కొనడం ఎంత తేలికో ఇందాక నాకే తెలిసొచ్చింది."

చీఫ్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాడు. ఆపరేటర్ గొంతు స్పీకర్లో వినిపించింది.

"సంతకమైన హ్యాండోవర్ షీట్ లేకుండా గార్డులకు ఏ మాటా చేర్చం సార్. నోటిమాట చెల్లదు. ఆర్డరు మీదే."

తను తీసిన గోతిలో తనే పడటమంటే ఇదే. చీఫ్ షీట్ లాక్కున్నాడు. కింద రెండు వాక్యాలు, వాటికి ఒకటే సంతకం. 'బాధ్యతలన్నీ అందాయి. అధికారి విడుదలకు అభ్యంతరం లేదు.'

చీఫ్ రెండో వాక్యం కొట్టేసి సంతకం పెట్టి స్కాన్ చేయించాడు. ఐదూ ఇరవై మూడు.

"కొట్టివేత ఉన్న షీట్ చెల్లదు సార్."

"ఒరేయ్, అక్కడ మనిషి ప్రాణం పోతోంది!"

"అందుకే కొత్త షీట్ పంపండి సార్."

ఐదూ ఇరవై ఆరు. చీఫ్ ముందు కొత్త షీట్ ఉంది. కలం పట్టుకున్న వేళ్లు కదలడం లేదు. ఒక మనిషిని వదలడం ఆయనకు అంత కష్టమని తాబేలు అప్పుడే చూశాడు. జాలేసింది, అసహ్యమూ వేసింది.

"సార్, నా మీద కోపం నా మీదే ఉంచుకోండి. ముసలాయన ఏం చేశాడు?"

చీఫ్ ఏమీ కొట్టేయకుండా సంతకం పెట్టి స్కాన్ పంపించాడు. ఐదూ ఇరవై ఎనిమిది.

ఐదున్నరకు స్పీకర్లో గేటు దగ్గరి చప్పుడు. ఆడగొంతు తియ్యగా అంది, "ఎర్ర గొడుగు." బయటి గేటు తెరుచుకుంది. వ్యాన్ లోపలికొచ్చింది. వెనక గేటు ధడాలున పడింది. తర్వాత అరుపులు. ఆ తర్వాత గార్డు, "ఆ ఆడమనిషితో కలిపి ఐదుగురు దొరికారు సార్. దుబాసీ గారు భద్రం."

చీఫ్ తల పైకెత్తాడు. "దీని మీద ఎంక్వైరీ ఉంటుంది. సాక్షిగా నువ్వు ఇక్కడే ఉండాలి."

"సమన్లు పంపండి సార్. బడి అడ్రసు ఫైలులో ఉంది. ముప్పై ఒకటో పేజీ, నంబరు పైన వేశాను."

స్టోర్‌కీపర్ తాళం వేయబోతున్నాడు. వాచీ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు, తన గడియారంతో సరిచూశాడు.

"రెండు నిమిషాలు వెనకుంది సార్. రిపేరు చేయించి తెస్తే..."

తాబేలు అతని కళ్లలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, స్టోర్‌కీపర్ గబగబా సంతకం పెట్టేశాడు.

పదకొండేళ్లలో తాబేలు పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం గేటు దగ్గరి వాళ్లంతా చూశారు.