ఎడమ నుంచి కుడికి

"ఇది స్పీచా, సర్వీసు రిజిస్టరా?"

పంకజాక్షి నాలుగు కాగితాలనూ తన టైపు మిషను పక్కన పడేసింది. గోవిందస్వామి ముఖం మాడిపోయింది. మూడు రోజులు కూర్చుని రాసుకున్నాడు మరి!

"ఏం, బాగలేదా?"

"ఏ సంవత్సరం ఉద్యోగంలో చేరినారు, ఏ ఊరికి బదిలీ అయినారు... ఇదంతా వరదయ్య సారుకు తెలీదా? ఆయనకే అప్పజెప్తారా?"

అది చిత్తూరులో పొలాల కొలతలు చూసే సర్వే ఆఫీసు. హెడ్ సర్వేయరు వరదయ్య ముప్పై మూడేళ్లు పనిచేసి శనివారం రిటైరవుతున్నాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆఫీసరు స్పీచ్ పని గోవిందస్వామికి అంటగట్టాడు. చేతిరాతకీ నోటికీ ఏం సంబంధమో ఆ మహానుభావుడికే తెలియాలి. నలుగురు ఎదురుగా నిలబడితే గోవిందస్వామికి తన పేరు కూడా గుర్తురాదు. ఆ నలుగురి దాకా ఎందుకు, పంకజాక్షి ఒక్కతె చాలు.

"మరేం చెయ్యమంటారు?"

"గ్రూపు ఫోటో చేతిలో పట్టుకోండి. ఒక్కొక్కరినీ చూపించి, ఆ మనిషికి సారు చేసింది ఒక్క సంగతి చెప్పండి. అందరి గురించీ వద్దు, ముగ్గురు చాలు. చివర్న సారు. ఆయన గురించి మాకు చెప్పడం కాదు, ఆయనతోనే మాట్లాడండి. మూడు నిమిషాలు దాటితే బజ్జీలు చల్లారిపోతాయి."

గోవిందస్వామి తలూపాడు. ఈ మాటలన్నీ సోమవారం నుంచి తిరుపతి ఆఫీసులో ఎవరికో దక్కుతాయి. ఆమెకు అక్కడికి బదిలీ అయింది. రెండేళ్లుగా మనసులో ఉన్న ముక్క చెప్పడానికి అతనికి మిగిలింది మూడు రోజులు.

ఆ మధ్యాహ్నమే ఫోటో తీయించారు. ఫోటోగ్రాఫరు చిన్నబ్బ మూడుకాళ్ల కెమెరా పెట్టి, వరండా ముందు అయిదు కుర్చీలు వేశాడు. నడిమి కుర్చీ ఎప్పుడూ ఆఫీసరుదే, ఆవేళ మాత్రం ఆయన దాన్ని వరదయ్యకు వదిలి పక్కన కూర్చున్నాడు. కుర్చీల వెనక బెంచీ మీద ఆరుగురు నిలబడాలి. పంకజాక్షికి చిన్నబ్బ చివరి కుర్చీ చూపించాడు.

"నేనేమన్నా గొడుగునా, మూలన పెట్టడానికి? నా ఈడువాళ్లతో నేనూ నిలబడతా," అని ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని బెంచీ ఎక్కేసింది. ఎక్కింది సరే, వచ్చి నిలబడింది గోవిందస్వామి పక్కనే! ఆ ఆరుగురిలో నడిమి ఇద్దరూ వాళ్లే.

"కదలొద్దు!" అని చిన్నబ్బ నల్లగుడ్డలో దూరాడు. కదలకుండా ఉండటం ఎంత కష్టమో గోవిందస్వామిని అడగాలి.

ఫోటో కింద అట్ట మీద అచ్చువేయడానికి పేర్ల జాబితా కూడా అతనే రాసిచ్చాడు.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు చిన్నబ్బ పటాన్నీ, అందరికీ తలొక ప్రతినీ తెచ్చాడు. నిమిషం గడిచిందో లేదో, ఆఫీసంతా గొల్లున నవ్వింది.

"యోవ్ గోవిందా! నువ్వు ఎప్పుడప్పా చీర కట్టినావు?" అని సర్వేలో కొలత గొలుసు లాగే మునెయ్య కళ్లు తుడుచుకున్నాడు.

చూస్తే ఏముంది? పంకజాక్షి బొమ్మ కింద 'గోవిందస్వామి'. గోవిందస్వామి బొమ్మ కింద 'పంకజాక్షి'.

ఆమె నవ్వలేదు. పటం బల్ల మీద పెట్టి అతని దగ్గరకొచ్చింది.

"జాబితా మీరే కదా రాసిచ్చింది? నేను పోయే ముందర నన్ను నవ్వులపాలు చెయ్యాలనుకున్నారా? ఈ ప్రతి పూతలపట్టులో మా నాయన చూస్తే నేనేం చెప్పాల?"

"అయ్యో, కాదండీ, నేను..."

"మీరు మంచోళ్లనుకున్నా," అని వెళ్లి చివరి కుర్చీలో కూర్చుంది. ఏ కుర్చీ వద్దని అలిగిందో అలాంటి మూల కుర్చీలోనే!

గోవిందస్వామి బల్ల దగ్గరకు పరిగెత్తాడు. పటం తీసుకుని ఒక్కొక్క పేరూ మళ్లీ చూశాడు. చూడగా చూడగా తన తెలివి తనకు అర్థమై నెత్తి బాదుకున్నాడు. అంతలో ఆఫీసరు పిలిచాడు: "ఏమప్పా, స్పీచ్?"

వెళ్లి నిలబడ్డాడు. పటం ఎత్తి పట్టుకున్నాడు.

"అందరూ ముందు నన్ను క్షమించాల. ఇందులో తారుమారైంది రెండు పేర్లు కాదు, పది పేర్లు. ఆఫీసరుగారి పేరు క్యాషియరు కింద ఉండాది, సూడండి. సర్వేలో గొలుసు వెంట నడిచే మనిషికి ఏది ఎడమో అదే ఎడమ అని వరదయ్య సారు నేర్పించినారు. నేను బెంచీ మీద నిలబడిన మనిషిగానే, నా ఎడమ నుంచి లెక్కపెట్టి రాసిచ్చినాను. ఫోటో చూసేవాళ్లకు అది కుడి. ఇందులో పంకజాక్షిగారి తప్పు లేదు, నాకు ఎగతాళి బుద్ధీ లేదు. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి."

పంకజాక్షి తలెత్తింది.

"ఇదిగో, మునెయ్య. కార్వేటినగరం క్యాంపులో ఎండకు సొమ్మసిల్లితే సారు తన క్యారియరు విప్పి, గొలుసు లాగినోడు ముందు తినాల అని మునెయ్యకే మొదట పెట్టినారు. ఇదిగో, పంకజాక్షిగారు. ఆమె చేరిన రోజు ఆఫీసులో కుర్చీ లేదు. సారు తన కుర్చీ ఇచ్చి రెండు రోజులు కిటికీ దగ్గర నిలబడి పనిచేసినారు. ఇదిగో, నేను. నా మొదటి కొలత తప్పితే సారు తిట్టలేదు. నాలుగు మైళ్లు నాతో వెనక్కి నడిచి మళ్లీ కొలిపించినారు."

పటాన్ని వరదయ్య వైపు తిప్పాడు.

"సార్, పదిమందినీ తారుమారు చేసినా మీ పేరు మాత్రం మీ కిందే ఉండాది. ఎడమ నుంచి లెక్కపెట్టినా, కుడి నుంచి లెక్కపెట్టినా మీరు మూడో మనిషే, మా నడిమి మనిషే. రేపట్నుంచి ఆ కుర్చీలో మీరుండరు. కొలత తప్పితే మీ ఇంటికే వస్తాము, తలుపు తియ్యండి."

వరదయ్య కండువాతో ముఖం దాచుకున్నాడు. మునెయ్య బాహాటంగానే ఏడ్చాడు. చప్పట్లు ఆగేసరికి బజ్జీలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

జనం ప్లేట్ల చుట్టూ చేరాక పంకజాక్షి తన ప్రతి పట్టుకుని వచ్చింది. చిన్నబ్బ కూడా వెంటే ఉన్నాడు.

"సరైన పేర్లు కొట్టించి అట్టల మీద అంటిస్తానమ్మా. నీది ఇయ్యి," అన్నాడు.

"వద్దు. నాది ఇట్లే ఉండనీ," అంది.

గోవిందస్వామి నోరు తెరిచాడు. పదిమంది ముందు మాట్లాడినవాడు ఒక్కతె ముందు మూగవాడయ్యాడు.

"మాట్లాడరేం? ఇందాక గడగడా చెప్పినారే!"

"పది తప్పులకు క్షమాపణ చెప్పినా గానీ... ఈ ఒక్కదానికి మనసు ఒప్పుకోలేదండీ. మీ కింద నా పేరు ఉంటే బాగుండాది. మీరంటే నాకు చానా ఇష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "ఇది చెప్పడానికి రెండేళ్లా?" అంది.

వెనక నుంచి వరదయ్య దగ్గాడు. "నాకిప్పుడు పనేమీ లేదప్పా. పూతలపట్టుకు పెద్దమనిషి కావాలంటే వస్తా."

పంకజాక్షి నవ్వాపుకుంటూ ఫోటోను గోవిందస్వామి చేతిలో పెట్టింది.

"అయితే రేపే రాండి. నా కింద మీ పేరు ఎందుకుండాదో మా నాయనకు మీరే చెప్పాల. మూడు నిమిషాల్లో!"