పేరు పెట్టి చెప్పిన కృతజ్ఞత

ఆదివారం పొద్దున్నే ప్రశాంతి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే మొగుడు మోహనకృష్ణ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆ రైల్వే ఊళ్లో వాళ్ల పేట తాల్‌బగీచాలో సగం ఇళ్లు ఇంకా నిద్ర లేవలేదు. వర్క్‌షాపులో జూనియర్ ఇంజనీరుగా ఆయనకొచ్చిన ప్రమోషన్ మాత్రం అప్పటికే ఫేస్‌బుక్‌లో లేచి కూర్చుంది.

"మొదటి ఛాన్స్‌లోనే కొట్టినాను! నూట ఎనభై మందిలో పద్నాలుగు మందిమే. నన్ను చూసి నవ్వినోళ్లు రేపట్నుంచి జేఈ సాబ్ అని సెల్యూట్ కొట్టండి. పులి ఎప్పటికీ పులే!" కింద నల్ల కళ్లద్దాల ఫొటో, వరసగా నాలుగు పులి బొమ్మలు.

"ఏటండీ ఇది! మీ ఆఫీసరు చూస్తే?"

"చూసినారు. 'కంగ్రాట్స్, థోడా సంభల్‌కే' అని పెట్టినారు, కాస్త జాగ్రత్తట," అన్నాడు మొహం వేలాడేసుకుని. "అరగంటకి పదకొండు లైకులే. నువ్వు బడికి పోస్టులు రాస్తావు కదా, దీన్ని కాస్త వినయంగా చేసి పెట్టవే."

ప్రశాంతి న్యూ సెటిల్‌మెంట్ కాలనీ తెలుగు బడిలో టీచరు. ఈ పనిలో ఆమెకి చెయ్యి తిరిగింది. పోస్టు దిద్దితే పాత మాటలు హిస్టరీలో కనిపిస్తాయని ముందు దాన్ని తీసేయించింది. కొత్తదాంట్లో అంకెలు లేవు, సెల్యూట్ లేదు, పులి అడవికి పోయింది. "కొట్టినాను" కాస్తా "ఎంపికయ్యాను, ఇంకా నమ్మలేకపోతున్నాను" అయింది. "మధ్యలో రెండుసార్లు వదిలేద్దామనుకున్నాను" అని చిన్న ఓటమి ఒకటి కలిపింది. కళ్లద్దాల ఫొటో బదులు తోటివాళ్లతో టీ తాగుతున్నది పెట్టింది.

చివర కృతజ్ఞత. అందరికీ ధన్యవాదాలంటే ఎవరికీ చెప్పనట్టే, ఒక్క పేరు, ఒక్క సంగతి ఉంటేనే జనం నమ్ముతారని ఆమె లెక్క. అందుకే ఇలా రాసింది: "నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, ఆరు నెలలు నాకు లెక్కలు చెప్పిన మా బావ విఘ్నేశ్వర్‌దే ఈ ప్రమోషన్." సొంత అన్నయ్య గనక మురిసిపోతూ ట్యాగ్ కూడా చేసింది.

మోహనకృష్ణ చదివాడు. ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "ఫొటోలో కొంచెం నల్లగా పడ్డాను," అంటూ నొక్కేశాడు.

మధ్యాహ్నానికి మూడొందల లైకులు. వాటి కింద వర్క్‌షాపు నేస్తం ఒకడి కామెంటు: "విఘ్నేశ్వర్ దాదా, ఊరందరికీ లెక్కలు చెప్పి నువ్వు మళ్లీ ఫెయిలైనావా! గురువుని మించిన శిష్యుడంటే ఇదే!" దాని కింద నవ్వులే నవ్వులు.

ప్రశాంతి ఆ కామెంటు మొగుడి ముందు పెట్టింది. "మళ్లీ ఏటి? అన్నయ్య ఈసారి పరీక్షే రాయలేదన్నాడు కదా!"

"రాసినాడు," అన్నాడు మోహనకృష్ణ నేల చూపులు చూస్తూ. "ప్యానెల్ లిస్టులో పాసైనోళ్ల పేర్లే వేస్తారు కదా, ఇంట్లో తెలీదులే, నాన్నకి చెప్పకు అన్నాడు."

"తెలిసీ నొక్కినారా?"

"నువ్వంత బాగా రాసినావు... నా గురించి అంత మంచిగా ఎవరూ ఎప్పుడూ అనలేదే."

అది నిజమే. దాంతో తిట్టడం మాని తాళాలు తీసుకుంది.

స్కూటీ మీద పుట్టింటి క్వార్టర్‌కి వెళ్లింది. వరండాలో తండ్రి తవిటయ్య, రిటైరైన ఫిట్టరు, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నాకు అబద్ధం సెప్పినాడమ్మా," అన్నాడు. "ఫెయిలైతే నేనేటి కొడతానా?"

లోపల విఘ్నేశ్వర్ సోమవారం యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"అన్నయ్యా, తీసేయిస్తాను."

"తీసేస్తే, నేను కుళ్లుకుని తీయించినానంటారు. ఉంచితే నవ్వుతారు. ఉండనీ."

"నీకు మంచి పేరు రావాలని రాసినాను."

"తెలుసమ్మా." ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "పొద్దున్న మీ ఆయన పెట్టినాడు సూడు, ఆ పులి పోస్టు. అదే బాగుంది. దాన్లో నేను లేను."

ప్రశాంతి ఏడ్చేసింది. ఊరంతా మెచ్చుకున్న వినయానికి మూల్యం చెల్లించింది ఈ మనిషేనని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, చేతిలో ఏమీ లేదు.

తవిటయ్య లోపలికి వచ్చి కొడుకు చేతిలోంచి చొక్కా తీసుకున్నాడు. "కాలరు ముడతలు పోనేదు. నే సేస్తాను, నువ్వు కూకో."

విఘ్నేశ్వర్ కూర్చున్నాడు. కాసేపటికి తన ఫోను చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నేనేటి అంటానో అని అందరూ సూస్తన్నారు. శానా సంతోషం బావా, అన్నట్టు ఒకటి రాసి పెట్టు. నిజంలా ఉండాల. నీకు బాగా వచ్చు కదా."

ప్రశాంతి కళ్లు తుడుచుకుని "చాలా సంతోషం" అని కొట్టింది. చెరిపేసింది. మళ్లీ అదే కొట్టింది.